ఐదో సీటులో ఒకటిన్నర జీబీ

సాల్మన్ కుడిచేతి చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ స్పర్శ లేదు. కలిదిండి దగ్గర చేపల ప్యాకింగు షెడ్డులో పనిచేస్తున్నప్పుడు ఐసు నలగ్గొట్టే మర అతని మణికట్టును పట్టేసింది. ఏలూరు ఆస్పత్రిలో కుట్టారు. ఎముక అతుక్కుంది గాని, ఆ రెండు వేళ్ళకూ స్పర్శ తిరిగి రాలేదు. మిగతా మూడు వేళ్ళతో అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. బుట్టలు మోసే పనికి మాత్రం మళ్ళీ ఎవరూ పిలవలేదు.

ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టించేసింది. సాల్మన్ బావ నెహెమ్యాకు కొల్లేటికోట సొసైటీ చెరువులో వాటా ఉండేది. గట్టు పోయాక వాటా అన్న మాటకు అర్థం లేకుండా పోయింది. నెహెమ్యా, అతని భార్య పెర్సిస్ తాడేపల్లిగూడెం వచ్చి, ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళే దారిలో ఒక షట్టరు అద్దెకు తీసుకుని, ఎనిమిది కంప్యూటర్లతో గేమ్స్ సెంటర్ పెట్టారు. తమ్ముణ్ణి ఒంటరిగా వదిలేయడం ఇష్టంలేక పెర్సిస్ సాల్మన్‌ను కూడా వెంట తెచ్చుకుంది.

మొదట్లో అతని పని పొద్దున్నే తుడవడం, మిషన్లు ఆన్ చేయడం, ఎవరి టైము అయిపోయిందో చెప్పడం. కుర్రాళ్ళు లేని మధ్యాహ్నాల్లో కూర్చుని తుపాకుల ఆట మొదలుపెట్టాడు. ఐదుగురు ఒక జట్టు, ఎదుట మరో ఐదుగురు. మౌసు తిప్పడానికి బొటనవేలు, నొక్కడానికి చూపుడువేలు, పట్టు కోసం మధ్యవేలు. అతనికి ఉన్నవి సరిగ్గా ఆ మూడే. ఏడాది తిరిగేసరికి కాలేజీ కుర్రాళ్ళలో అతనికి ఎదురు నిలబడేవాడు లేడు. మూల తిరిగే లోపలే తల మీద గురి పడేది. థర్డ్ ఇయర్ చదివే శ్రీకర్ జట్టు కట్టినప్పుడు, చదువు లేకపోయినా సాల్మన్‌నే ముందు అడిగాడు.

"మీరు లేకపోతే మా జట్టుకి అర్థం లేదు అన్నయ్యా," అన్నాడు. "ఏలూరు కాలేజీలో ఫెస్ట్ జరుగుతుంది, అందులో ఈ ఆటకి పోటీ పెడుతున్నారు. బయటివాళ్ళు కూడా ఆడొచ్చంట. వెళ్దాం."

చెయ్యి పోయాక ఒక మనిషి తనని కావాలని అడగడం సాల్మన్‌కు అదే మొదటిసారి. ఆ మాట అక్కతో చెప్పలేదు గాని, ఆదివారం గుడిలో పాట పాడుతుంటే అతని గొంతు అందరికన్నా పైకి వినిపించింది. పెర్సిస్ ముసుగు సర్దుకుంటూ తమ్ముడి వంక చూసి నవ్వుకుంది.

అది రెండువేల ఎనిమిది. వేసవి చివర పెద్ద గాలివాన వచ్చింది. పక్క వీధిలో పిడుగు పడి, సెంటర్లో మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. మర్నాడు ఆరు లేచాయి. ఐదోదీ ఆరోదీ లేవలేదు. ఊళ్ళో ఉన్న మెకానిక్ చూసి, మూడు ర్యామ్ స్టిక్కులు పోయాయనీ, మిగతావన్నీ బాగానే ఉన్నాయనీ చెప్పాడు. ఒక్కో మిషన్‌లో అయిదొందల పన్నెండు ఎంబీ స్టిక్కులు రెండేసి ఉండేవి, మొత్తం ఒక జీబీ. నెహెమ్యా ఆ సైజు కోసం వెతికాడు. దొరకలేదు. ఒక జీబీ స్టిక్కులు రెండు దొరికాయి. తనే కవర్లు విప్పి సర్దాడు. ఆరో మిషన్‌లో ఒక జీబీ స్టిక్కు ఒక్కటే పెట్టాడు. ముందూ ఒక జీబీయే, ఇప్పుడూ ఒక జీబీయే కదా అనుకున్నాడు. ఐదో మిషన్‌లో రెండో జీబీ స్టిక్కు పెట్టి, దాని పక్కన మిగిలిన పాత అయిదొందల పన్నెండు కూడా గుచ్చాడు.

"ఒరే సాల్మన్, ఇలా రా," అని పిలిచాడు. "ఒకటిన్నర జీబీ. మన సెంటర్లో దీనికి మించింది లేదు. ఇకనించి ఈ సీటు నీది. ఎవరొచ్చి అడిగినా ఇవ్వద్దు."

"మిగతావాళ్ళకి లేనిది నాకెందుకు బావా?"

"పందెంలో ఆడేది నువ్వు గదా. మంచి ఎద్దుకే మంచి మేత."

సాల్మన్ ఐదో సీటులో కూర్చున్నాడు. వారం తిరక్కుండానే గురి తప్పడం మొదలైంది.

మొదట తన పొరపాటే అనుకున్నాడు. గోడ మూల తిరుగుతాడు, అవతలివాడు కనిపిస్తాడు, చెయ్యి కదుపుతాడు. గురి వెళ్ళాల్సిన చోటికి వెళ్తుంది గాని, కాస్త ఆలస్యంగా వెళ్తుంది. ఈలోగా అవతలివాడి తూటా తగిలి తెర ఎర్రబడిపోతుంది. పొగబాంబు పడిన చోట మరీ ఘోరం. బొమ్మ కదలకుండా అతుక్కుని, విడివడి, మళ్ళీ అతుక్కుంటుంది. పక్క సీట్లలో కూర్చున్న శ్రీకర్ వాళ్ళు అదే పొగలోంచి హాయిగా దూసుకుపోతున్నారు. మిషన్‌ను అనుమానించాలన్న ఆలోచన అతనికి రాలేదు. అది సెంటర్లో అన్నిటికన్నా పెద్దది. కాబట్టి తప్పు చేతిదే అయుండాలి.

కుట్లు విప్పిన రోజు డాక్టరు అన్న మాట అతనికి గుర్తుంది. "మిగిలిన వేళ్ళని కనిపెట్టుకుని ఉండు. తిమ్మిరి మొదలైతే వెంటనే రా." సాల్మన్ రోజూ పొద్దున్న అక్క కుట్టుపెట్టెలోంచి గుండుసూదులు తీసి బల్ల మీద పోసి, ఒక్కొక్కటే మూడు వేళ్ళతో ఏరి డబ్బాలో వేసేవాడు. ఏరగలిగితే ఆ రోజు గుండె కుదుటపడేది. సాయంత్రం ఆటలో ఓడిపోతే మళ్ళీ జారిపోయేది. మధ్యవేలి కొసన అప్పుడప్పుడు చీమలు పాకినట్టు ఉండేది. అది నిజమో, భయం వల్ల తోస్తోందో అతనికి తెలియలేదు. ఆస్పత్రికి వెళ్తే తెలుస్తుంది. తెలుస్తుందనే వెళ్ళలేదు.

ఫెస్ట్ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం శ్రీకర్ ఒక్కడే వచ్చాడు. కౌంటర్ దగ్గర నిలబడి చాలాసేపు ఏదో మౌసు వైరు చుడుతూ ఉన్నాడు.

"అన్నయ్యా, ఒక మాట... మీరు ఏమీ అనుకోకూడదు."

"చెప్పు."

"మా వాళ్ళు హాస్టల్లో ఇంకో కుర్రాణ్ణి చూశారండీ. మీ అంత కాదు. అంటే, మీరు ముందు ఆడినట్టు కాదు..."

సాల్మన్ అతనికి సాయం చేశాడు. "నేనే చెబుదామనుకుంటున్నాను శ్రీకర్. నాకు చెయ్యి సరిగ్గా ఆడట్లేదు. అతన్నే తీసుకోండి."

"ఒంట్లో బాగోలేదా అన్నయ్యా?"

"బాగానే ఉంది. చెయ్యే."

శ్రీకర్ వెళ్ళాక అతను ఐదో సీటు కంప్యూటర్ ఆపేశాడు. ఆ తర్వాత సెంటర్ పనులన్నీ చేశాడు గాని ఆ కుర్చీలో కూర్చోలేదు. పెర్సిస్ అడిగితే, ఆట మొహం మొత్తిందన్నాడు. నెహెమ్యాకు కోపం వచ్చింది. "మంచి మిషన్ ఇస్తే మానేస్తాడేంటి వీడు?" అని భార్య దగ్గర గొణిగాడు.

ఫెస్టుకు ఇక మూడు రోజులుందనగా, ఏలూరు పవర్‌పేటలో కంప్యూటర్ల షాపులో పనిచేసే నాగదుర్గ కొత్త కీబోర్డులు పట్టుకుని వచ్చింది. ఎనిమిది మిషన్లూ మొదట బిగించింది ఆమే. పెర్సిస్ టీ తెప్పించి, మాటల్లో తన బాధ చెప్పుకుంది.

"ఆరో సీటు మీద కంప్లయింటండీ. ఆట అతుక్కుంటుందని లేచిపోతున్నారు. వైరస్ అనుకుని రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాం. మార్పు లేదు."

నాగదుర్గ ఆరో సీటులో కూర్చుని, తన పెన్‌డ్రైవ్‌లోంచి సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచింది. అందులో మెమరీ అన్న పేజీకి వెళ్ళింది. "ఛానల్స్" అన్న మాట ఎదురుగా "సింగిల్" అని ఉంది.

"నేను బిగించినప్పుడు ఇక్కడ డ్యూయల్ అని ఉండేదండీ," అంది. "ఎవరైనా ర్యామ్ మార్చారా?"

నెహెమ్యా ముందుకు వచ్చాడు. "పిడుగు పడ్డప్పుడు నేనే మార్చానండీ. అయిదొందల పన్నెండువి రెండు తీసి, ఒక జీబీది ఒకటి పెట్టాను. లెక్క అదే గదా?"

"సైజు లెక్క అదేనండీ. దారులు సగమైపోయాయి. ఈ బోర్డులో ప్రాసెసరుకీ మెమరీకీ మధ్య రెండు ఛానళ్ళు ఉంటాయి. స్టిక్కులు గుచ్చే స్లాట్లలో ఒకటి ఒక ఛానలుది, రెండోది రెండోదానిది. ఒకే రకం స్టిక్కులు జంటగా పెడితే రెండిట్లోంచీ ఒకేసారి డేటా వస్తుంది. ఒక్కటే పెడితే రెండో దారి ఖాళీ. పైగా మీ మిషన్లలో గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదండీ. బొమ్మ గీసే చిప్పు బోర్డులోనే ఉంది, దానికి సొంత మెమరీ లేదు. ప్రాసెసరు వాడుకునే ర్యామ్‌లోంచే అదీ తీసుకోవాలి. ఉన్న ఒక్క దారి కోసం ఇద్దరూ తోసుకుంటారు. అందుకే ఆట అతుక్కుంటోంది. సొంత మెమరీ ఉన్న కార్డు అయితే ఇంత తేడా తెలిసేది కాదు."

నెహెమ్యా తెర మీది ఆ మాటను వేలితో చూపించాడు. "చెరువు ఎంత పెద్దదైనా నీళ్ళు వచ్చేది తూములోంచే గదా. రెండు తూముల్లో ఒకటి మూసేశానన్నమాట."

"అంతేనండీ."

"పోనీలెండి. ఐదోదాంట్లో రెండు స్టిక్కులు పెట్టాను. అది మంచి మిషను. ఒకటిన్నర జీబీ."

నాగదుర్గ తల తిప్పి చూసింది. "ఒకటిన్నర ఎలా వచ్చిందండీ?"

"ఒక జీబీది ఒకటి, అయిదొందల పన్నెండుది ఒకటి."

ఆమె ఐదో మిషన్ ఆన్ చేసింది. అదే ప్రోగ్రామ్, అదే పేజీ. ఛానల్స్ ఎదురుగా మళ్ళీ "సింగిల్". పక్కనున్న ఎస్పీడీ అన్న పేజీలో ఒక్కో స్లాటునూ ఎంచి చూసింది. ఒక దాంట్లో వెయ్యి ఇరవై నాలుగు ఎంబీ, రెండో దాంట్లో అయిదొందల పన్నెండు.

"సైజులు కలవలేదు కాబట్టి ఈ బోర్డు వీటిని జంటగా ఒప్పుకోలేదండీ. రెండు స్లాట్లు నిండినా ఒకే దారి మీద నడుస్తోంది. కొన్ని కొత్త బోర్డులు కలిసినంత మేరకు జంటగా నడిపి, మిగిలింది ఒంటిగా నడుపుతాయి. ఇది అలాంటిది కాదు. స్పీడు తేడా ఉన్నా నష్టమే. రెండిట్లో నెమ్మదిగా ఉన్నదాని స్పీడుకే రెండూ దిగిపోతాయి." ఆట తెరిచి, తెర మూలన సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చూపించే అంకె వచ్చేలా చేసింది. పొగ వేసింది. అంకె ఇరవై నాలుగుకు పడి అక్కడే కొట్టుకుంటోంది. రెండో సీటు మిషన్‌లో అదే చోట నిలబడి అదే పొగ వేసింది. నలభై.

పెర్సిస్ అంకె చూడలేదు. భర్త మొహం చూసింది.

"ఏవండీ," అంది మెల్లగా. "తమ్ముడు శ్రీకర్‌తో చెయ్యి ఆడట్లేదన్నాడంట."

నెహెమ్యా కుర్చీ వెనక చెక్కను పట్టుకున్నాడు. "నా చేత్తో నేనే కూర్చోబెట్టాను. ఎవరికీ ఇవ్వద్దని చెప్పి మరీ."

"దీనికి మందు ఉందండీ," అంది నాగదుర్గ. రెండు మిషన్లూ ఆపి, కరెంటు ప్లగ్గులు పీకి, కవర్లు విప్పింది. ఆరోదాంట్లోంచి జీబీ స్టిక్కు తీసి ఐదోదాంట్లో జీబీ స్టిక్కు పక్కన పెట్టింది. మిగిలిన అయిదొందల పన్నెండును ఆరోదాంట్లో పెట్టింది. "కంపెనీలు వేరైనా సైజూ స్పీడూ చిప్పుల అమరికా కలిస్తే చాలావరకు కుదురుతుందండీ. పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఆరోది మాత్రం ఇంకో అయిదొందల పన్నెండు దొరికేదాకా మెయిల్స్ చూసుకోడానికే."

ఐదో మిషన్ లేచింది. ఛానల్స్ ఎదురుగా "డ్యూయల్". పొగలో అంకె నలభై దాటింది.

పెర్సిస్ తాము కాపురముండే మేడ మీదికి పరుగెత్తింది. సాల్మన్ పడుకుని ఉన్నాడు. ఆమె రొప్పుతూ, ముందుదీ వెనకదీ కలిపేస్తూ చెప్పింది. అతనికి సగమే అర్థమైంది. కాని "నీ చెయ్యి కాదురా, మిషను" అన్న మాట అర్థమైంది. మెట్లు దిగుతూ అతను రెండుసార్లు ఆగి అడిగాడు. "నిజంగా సింగిల్ అనే ఉందా అక్కా? నువ్వు చూశావా?"

"నేను చూశాను. కళ్ళారా చూశాను."

శ్రీకర్‌కు ఫోన్ చేశారు. అతను స్నేహితుల్ని తీసుకుని సాయంత్రమే వచ్చాడు. విషయం విని ముందు నవ్వాడు, తర్వాత సిగ్గుపడ్డాడు. "పేర్లు ఇంకా ఇవ్వలేదు అన్నయ్యా. మీరు ఆడండి. ఆ కుర్రాడితో నేను మాట్లాడతాను."

సాల్మన్ ఐదో సీటులో కూర్చున్నాడు. మూల తిరిగాడు. తెర అతని చేతితోపాటు తిరిగింది. ఇన్నాళ్ళూ మధ్యలో అడ్డం పడ్డదేదో తొలగిపోయింది. మొదటి రౌండులో ముగ్గుర్ని కొట్టాడు. వెనక నిలబడ్డ నెహెమ్యా కళ్ళు తుడుచుకున్నాడు. రెండో రౌండు కూడా బాగానే పోయింది.

మూడోదాంట్లో పొగలోంచి ఒకడు బయటికొచ్చాడు. సాల్మన్ స్పష్టంగా చూశాడు. గురి తల మీదే ఉంది. నొక్కాననుకున్నాడు. తుపాకి పేలలేదు. కిందికి చూశాడు. చూపుడువేలు మౌసు బటన్ మీద ఆని ఉంది గాని నొక్కలేదు. మధ్యవేలు పట్టు వదిలి పక్కకు జారింది. అది జారిన సంగతి కళ్ళు చెప్పాయి, వేలు చెప్పలేదు.

మరో రౌండు ఆడాడు. ఇంకొకటి ఆడాడు. ఇప్పుడు తెర ఎక్కడా ఆగడం లేదు. ఏ తప్పు ఎప్పుడు జరిగిందో, ఎవరిదో, ఒక్కొక్కటీ తేటగా కనిపించింది. రెండు నెలలుగా మిషన్ తప్పూ చేతి తప్పూ ఒకదాని వెనక ఒకటి నక్కి ఉన్నాయి. నాగదుర్గ ఒకదాన్ని తీసేసింది. మిగిలిందే మిగిలింది.

అతను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ కుర్రాడితో మాట్లాడొద్దు శ్రీకర్. అతన్నే తీసుకెళ్ళు. ఈ సీటులో కూర్చుని ప్రాక్టీస్ చెయ్యమను. ఇప్పుడిది మంచి మిషను."

"ఈరోజే గదా అన్నయ్యా సరిచేసింది? రేపు అలవాటవుతుంది."

"అలవాటు కాదు," అన్నాడు సాల్మన్. శ్రీకర్ ఇంక బలవంతపెట్టలేదు. అతనూ మౌసు మీద చెయ్యి జారడం చూశాడు.

జట్టు ఏలూరు వెళ్ళి మొదటి రౌండులోనే ఓడి వచ్చింది. ఆ తర్వాత శ్రీకర్‌కు పరీక్షలు మొదలై సెంటరుకు రావడం తగ్గింది. రోడ్డు అవతల విడిగా గ్రాఫిక్స్ కార్డులున్న మరో సెంటర్ తెరిచారు. ఆట కోసం వచ్చే కుర్రాళ్ళు ఒక్కొక్కరే అటు మళ్ళారు. మిషన్లు వేగంగానే నడుస్తున్నాయని పెర్సిస్ ఎంతమందికని చెప్పగలదు?

ఏలూరు ఆస్పత్రికి సాల్మన్‌ను నెహెమ్యాయే తీసుకెళ్ళాడు. మణికట్టు దగ్గర పాత గాయం మచ్చ గట్టిపడి, మిగిలిన నరాన్ని కూడా నొక్కేస్తోందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చేయొచ్చు. తిమ్మిరి తగ్గొచ్చు. పోయిన పట్టు తిరిగొస్తుందని మాత్రం చెప్పలేనన్నారు. "తిమ్మిరి మొదలైనప్పుడే వస్తే ఎంతో కొంత ఉండేదయ్యా. ఎందుకు రాలేదు?" అనడిగారు.

తిరుగు బస్సులో నెహెమ్యా కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. భీమడోలు దాటాక అన్నాడు.

"రెండు నెలలు ఆ మిషన్ మీద నిన్ను కష్టపెట్టాను. ఆ కష్టానికే చెయ్యి పాడైంది."

"అలా కాదు బావా. మచ్చ వల్లని డాక్టరుగారు చెప్పారు గదా. మీరు మిషన్ మార్చకపోయినా ఇదే అయ్యేది."

"నా మనసు కోసం అంటున్నావు."

"కాదు. నిజమే చెబుతున్నాను."

"నాకు తెలుసులే," అన్నాడు నెహెమ్యా. అతని గొంతులో నమ్మకం లేదు. చెప్పినకొద్దీ అది ఓదార్పులాగే వినిపిస్తుందని సాల్మన్‌కు అర్థమైంది.

టికెట్లు చూపించమని చెకింగు ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచాడు. సాల్మన్ కుడి జేబులో కుడిచెయ్యి పెట్టి తడిమాడు. కాగితం తగిలిందో లేదో తెలియలేదు. ఎడంచేతిని అడ్డంగా తిప్పి జేబులో దూర్చడానికి ప్రయత్నిస్తుంటే నెహెమ్యా చూసి, అతని జేబులోంచి రెండు టికెట్లూ తీసి ఇన్‌స్పెక్టరుకు అందించాడు.